సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ ఎందుకు ఆగిపోతుంది?



పదో తరగతి పిల్లలకు ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు ఆన్‌లైన్ స్లిప్ టెస్ట్ ఉంటుందని మీకు తెలుసు. భావనపాడు నుంచి వచ్చే మా క్లాస్ అబ్బాయి ఒకడు వరసగా మూడు ఆదివారాలు పరీక్ష మధ్యలోనే బయటికి వచ్చేశాడు. అడిగితే "నెట్ ఆగిపోయింది మేడమ్" అన్నాడు. మొదటిసారి నమ్మాను, రెండోసారి సరే అనుకున్నాను. మూడోసారి మాత్రం డైరీలో ఎర్ర ఇంకుతో "పరీక్షలను సీరియస్‌గా తీసుకోవడం లేదు" అని రాసి, ఇంట్లో సంతకం పెట్టించుకుని రమ్మన్నాను.

సంతకం కంటే ముందు వాళ్లమ్మగారి ఫోన్ వచ్చింది. "మా గుంటడు అబద్ధమాడడు మేడమ్. నెట్టు వాళ్లు రెండుపాలు వచ్చి చూసి ఏటీ నేదన్నారు. మీరే ఒకపాలి వచ్చి చూడండి" అన్నారు. నేనుండేది నౌపడలోనే కాబట్టి శనివారం సాయంత్రం వెళ్లాను. ఆ ఇంట్లో గంటన్నరలో తెలిసిన విషయం మీలో చాలామందికి పనికొస్తుందనిపించి ఈ నెల రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇదే కారణం వల్ల ఎక్కువ ప్లాన్‌కి డబ్బు కడుతుండవచ్చు, లేదా నాలాగే పిల్లల్ని కోప్పడుతుండవచ్చు.

ముందు వాళ్ల ఇల్లు ఎలా ఉందో చెప్తాను. ముందు హాల్లో టీవీ పక్కన రౌటర్ ఉంది. వెనక గదిలో, సుమారు పది మీటర్ల దూరంలో, రెండు గోడల అవతల కంప్యూటర్ ఉంది. విశాఖలో పనిచేసే అన్నయ్య వాడి ఇచ్చిన కంప్యూటర్ అది. దాంట్లో వైఫై లేదు కాబట్టి గోరంత సైజులో ఉండే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి కొన్నారు. కంప్యూటర్ ముందు వైపు ఉన్న నీలం రంగు పోర్టుకు నాలుగు పోర్టుల హబ్ తగిలించి, ఆ హబ్‌లోనే అన్నీ పెట్టారు. ఒకదాంట్లో వైర్‌లెస్ మౌస్ రిసీవర్, దాని పక్కన వైఫై అడాప్టర్, ఆ పక్కన వీడియో పాఠాలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్.

నెట్ కంపెనీ మనిషి వచ్చినప్పుడు హాల్లో నిలబడి తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూపించాడట. స్పీడ్ బాగుంది. రెండోసారి వచ్చి రౌటర్ ఛానల్ మార్చి వెళ్లాడట. ఆ తర్వాత వీళ్లే నెలకు రెండు వందలు ఎక్కువ పెట్టి ప్లాన్ పెంచుకున్నారు. ఆదివారం మళ్లీ అదే కథ.

నేను ఆ అబ్బాయిని ఒకే ప్రశ్న అడిగాను. "మామూలు రోజుల్లో ఆగదు, ఆదివారమే ఆగుతుందంటున్నావు. ఆదివారం వేరుగా ఏం చేస్తావు?" కాసేపు ఆలోచించి, "పరీక్షకు ముందు డిస్క్ పెట్టి రివిజన్ వీడియోలు చూస్తాను మేడమ్. మిగతా రోజుల్లో అది బీరువాలో ఉంటుంది" అన్నాడు. మాకు కావలసిన దారం అక్కడే దొరికింది.

నెట్ ఆగితే తప్పు రెండు చోట్ల ఉండవచ్చు. ఒకటి, ఇంటి బయట నుంచి రౌటర్ దాకా వచ్చే లైన్. రెండు, రౌటర్ నుంచి మన కంప్యూటర్ దాకా ఉన్న గాలి. ఈ రెండింటినీ విడదీసి చూడాలంటే రౌటర్‌నే పలకరించాలి. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా టైప్ చేయాలి.

```
ping -n 50 192.168.1.1
```

చివర ఉన్న అంకెలు వాళ్ల రౌటర్ అడ్రస్. మీ ఇంట్లో వేరే ఉండవచ్చు. `ipconfig` అని టైప్ చేస్తే `Default Gateway` ఎదురుగా కనిపించేదే మీ రౌటర్ అడ్రస్. ఈ కమాండ్ రౌటర్‌ని యాభై సార్లు "ఉన్నావా?" అని అడుగుతుంది. "ఉన్నాను" అనే జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపిస్తుంది. బయటి లైన్‌తో దీనికి సంబంధం లేదు, ఇంట్లో గాలి సంగతి మాత్రమే తెలుస్తుంది.

డిస్క్ లేకుండా చేశాం. యాభైకి యాభై జవాబులు వచ్చాయి, అన్నీ రెండు నుంచి ఐదు మిల్లీసెకన్లలోపే. డిస్క్ తగిలించి మళ్లీ చేశాం. కాపీ ఏమీ చేయలేదు, వీడియో కూడా పెట్టలేదు, ఊరికే తగిలించామంతే. జవాబులు రెండు వందలు, ఏడు వందల మిల్లీసెకన్లకు పోయాయి. పద్నాలుగు సార్లు జవాబే రాలేదు, `Request timed out` అని పడింది. కాకతాళీయమేమో అని డిస్క్ తీసి, పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టి చూశాం. ప్రతిసారీ అంతే. వాళ్ల నాన్నగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

ఇంతసేపూ కింద మూలన ఉన్న వైఫై గుర్తు మాత్రం నిండుగానే ఉంది. గుర్తును నమ్మకుండా అంకె చూద్దామని ఈ కమాండ్ కూడా ఇచ్చాం.

```
netsh wlan show interfaces
```

అందులో `Signal` దగ్గర డిస్క్ లేనప్పుడు 82%, డిస్క్ ఉన్నప్పుడూ దాదాపు అంతే. ఇక్కడే అందరూ మోసపోతారు. ఆ గీతలు చెప్పేది రౌటర్ గొంతు మనకు ఎంత గట్టిగా చేరుతోందని మాత్రమే. చుట్టూ గోల ఎంత ఉందో అవి చెప్పవు. పెళ్లి ఊరేగింపులో డప్పు పక్కన నిలబడ్డప్పుడు వీధి చివర నుంచి మీ చెల్లెలు పిలిచిందనుకోండి. ఆమె గొంతు తగ్గలేదు, మీ చెవికి చేరుతూనే ఉంది. కానీ మాట తెలియదు. "ఏంటీ, మళ్లీ చెప్పు" అంటారు. అడాప్టర్ కూడా సరిగ్గా అదే చేస్తుంది. తప్పుగా అందిన ప్రతి ముక్కనూ రౌటర్ మళ్లీ పంపాలి, మళ్లీ పంపాలి. మనకు కనిపించేది తిరుగుతూ ఉండే గుండ్రం.

అయితే హార్డ్ డిస్క్ రేడియో కాదు కదా, దానికి గోల ఎక్కడిది?

మన వైఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మౌస్ చాలావరకు 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న ఒకే ఇరుకు పట్టీలో పనిచేస్తాయి. నీలం పోర్టు అంటే మామూలుగా యూఎస్‌బీ 3.0. అది సెకనుకు 500 కోట్ల బిట్లు పంపగలదు. ఒకటి, సున్నా, ఒకటి, సున్నా అని వరసగా మారితే రెండు బిట్లకు ఒక ఆవృత్తం. అంటే సెకనుకు 250 కోట్ల ఆవృత్తాలు, అంటే 2,500 మెగాహెర్ట్జ్. వైఫై పట్టీకి ఆనుకుని ఉందన్నమాట. నిజానికి బిట్లు అంత వరసగా ఉండవు, వాటిని కావాలనే కలగాపులగం చేసి పంపుతారు. అందువల్ల ఆ శక్తి ఒకే చోట నిలవకుండా వెడల్పుగా పరుచుకుంటుంది, వైఫై పట్టీ మొత్తం మీదా పడుతుంది. వైరు లోపలే ఉండిపోతే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ కనెక్టర్ దగ్గర, చవక కేబుల్ తొడుగులోంచి, డిస్క్ డబ్బాలోంచి కొంత బయటికి కారుతుంది. మన ఫైలు ఏదీ కదలకపోయినా ఆ వైరు మీద సంకేతాలు నడుస్తూనే ఉంటాయి. ఊరికే తగిలించినా గోల మొదలైంది అందుకే.

ఇది నా సొంత కనుక్కోలు కాదు. ఇంటెల్ కంపెనీ 2012లో దీని మీద కొలతలతో ఒక పత్రం ప్రచురించింది. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ తగిలిస్తే దాని దగ్గర ఈ పట్టీలో గోల దాదాపు 20 డెసిబెల్స్ పెరగడం వాళ్లు చూపించారు. 20 డెసిబెల్స్ అంటే వంద రెట్లు.

కారేది కొంచెమే కదా అనిపించవచ్చు. రౌటర్ గాలిలోకి వదిలేది సుమారు 100 మిల్లీవాట్లు అనుకుందాం. రెండు గోడలు దాటి వెనక గదికి చేరేసరికి అందులో పది కోట్లవ వంతు మిగిలినా వైఫైకి అది మంచి సిగ్నలే. అంత సన్నని గొంతును వినే చెవిని తీసుకెళ్లి, కారుతున్న కనెక్టర్‌కి రెండు వేళ్ల దూరంలో పెట్టాం. నెట్ కంపెనీ మనిషి ఛానల్ మార్చినా ఫలితం లేకపోవడానికి కారణం కూడా ఇదే. పక్కింటి వైఫై అడ్డం వస్తుంటే 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నదానికి మారితే పని జరుగుతుంది. ఈ గోల అన్ని ఛానళ్ల మీదా ఒకేలా పడుతుంది. అలాగే ప్లాన్ పెంచితే హాలు దాకా వచ్చే నీటి పైపు పెద్దదవుతుంది తప్ప, వెనక గదికి వెళ్లే గొట్టంలో అడ్డు తొలగదు.

ఇక సవరణ. మొదటిది పైసా ఖర్చు లేనిది. హబ్‌ని ముందున్న నీలం పోర్టులోంచి తీసి, కంప్యూటర్ వెనక ఉన్న నలుపు పోర్టులో పెట్టాం. నలుపుది మామూలుగా యూఎస్‌బీ 2.0. అక్కడ పెడితే హబ్, డిస్క్ రెండూ పాత వేగంలోనే మాట్లాడుకుంటాయి, కాబట్టి ఈ గోల ఉండదు. మళ్లీ యాభైకి యాభై వచ్చాయి. దీనివల్ల కోల్పోయేది డిస్క్ వేగం. పెద్ద ఫోల్డర్ కాపీ చేయడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది, కానీ పాఠం వీడియో చూడటానికి ఆ పాత వేగం ఎంతో ఎక్కువ. పోర్టుల రంగు అన్ని కంపెనీలూ పాటించవని మాత్రం గుర్తుంచుకోండి. కొన్నింటికి రంగు బదులు పోర్టు పక్కన ఎస్‌ఎస్ అనే అక్షరాలుంటాయి.

రెండోది దూరం. ఆ మర్నాడు టెక్కలి నుంచి ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెప్పించారు. యూఎస్‌బీ 2.0ది చాలు, వైఫై అడాప్టర్‌కి అంతకంటే అవసరం లేదు. అడాప్టర్‌ని దాని చివర తగిలించి, కేబుల్‌ని నలుపు పోర్టులో పెట్టి, కిటికీ చువ్వకు కట్టారు. దూరం రెట్టింపైతే గోల బలం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు వేళ్ల నుంచి మీటరుకు వెళ్తే ఎన్నిసార్లు రెట్టింపైందో మీరే లెక్క వేయండి. రౌటర్ సిగ్నల్ మాత్రం పది మీటర్లు తొమ్మిదైనంత మాత్రాన పెద్దగా మారదు. ఇప్పుడు డిస్క్ నీలం పోర్టులో పూర్తి వేగంతో నడుస్తున్నా నెట్ ఆగడం లేదు. రౌటర్ నుంచి కంప్యూటర్‌కి లాన్ కేబుల్ లాగగలిగితే అంతకంటే మంచిది లేదు, పరీక్షలకు నేనైతే అదే చెప్తాను. కానీ గోడలకు రంధ్రాలు వాళ్లకు ఇష్టం లేకపోయింది.

ల్యాప్‌టాప్ ఉన్న ఇళ్లలో కూడా ఇది జరుగుతుంది. ల్యాప్‌టాప్ వైఫై యాంటెన్నా ఎక్కువగా తెర చుట్టూ ఉన్న అంచులో ఉంటుంది. టైప్-సి హబ్‌ని దానికి ఆనించి, దాంట్లో డిస్క్ పెడితే దూరం జానెడే. డిస్క్ కేబుల్ పొడవుగా ఉంటే దాన్ని ఎడంగా జరిపి చూడండి. అన్నిటికంటే ముందు కనిపించే లక్షణం మౌస్. డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ బాణం ఆగి ఆగి గెంతుతోందంటే, బ్యాటరీ మార్చే ముందు ఈ అనుమానం రావాలి.

"మరి ఇయర్‌ఫోన్స్ వల్ల కాదా మేడమ్?" అని వాళ్ల నాన్నగారు అడిగారు. పిల్లాడి చెవిలో బ్లూటూత్ కనిపిస్తే మనందరి కోపం ముందు దాని మీదికే వెళ్తుంది. నిజానికి బ్లూటూత్ పొరుగువాళ్లతో సర్దుకుపోయే రకం. ఈ పట్టీని 79 చిన్న గళ్లుగా చేసుకుని, సెకనుకు 1,600 సార్లు గడి మారుతూ మాట్లాడుతుంది. పైగా వైఫై కూర్చున్న గళ్లను గమనించి వాటిని వదిలేయడం 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచే నేర్చుకుంది. ఒక జత ఇయర్‌ఫోన్స్ వల్ల పరీక్ష ఆగిపోదు. అదే డిస్క్ పక్కన బ్లూటూత్ డాంగిల్ పెడితే మాత్రం ఇయర్‌ఫోన్స్‌లో మాట తెగిపోతుంది. అక్కడ బ్లూటూత్ బాధిత పక్షం. వైఫై కూడా మర్యాద ఉన్నదే, మాట్లాడే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారా అని విని, ఖాళీ దొరికాక మొదలుపెడుతుంది.

ఆ మర్యాద లేనివి పాత తరం వస్తువులు. బయటి దేశాల్లో ఉన్న బంధువులు వచ్చేటప్పుడు చంటిపిల్లల కోసం బేబీ మానిటర్ తెస్తుంటారు. అందులో పాత అనలాగ్ కెమెరా రకమైతే ఈ పట్టీలో కొంత భాగం మీద ఆపకుండా ప్రసారం చేస్తూనే ఉంటుంది. వైఫై ఖాళీ కోసం ఎదురుచూస్తుంది, ఖాళీ రాదు. కనిపెట్టడం సులువే. దాన్ని ప్లగ్ నుంచి తీసేసి పైన చెప్పిన పింగ్ మళ్లీ చేయండి. యూఎస్‌బీ గోలకు, దీనికి తేడా ఏమిటంటే ఇది పట్టీ అంతా ఆక్రమించదు. కాబట్టి ఇక్కడ ఛానల్ మార్చడం పనిచేయవచ్చు.

కార్డ్‌లెస్ ఫోన్ సంగతి కొంచెం వేరు. కింద లేబుల్ మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటేనే అది మన వైఫై పట్టీలోది. డెక్ట్ రకం అయితే 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, వైఫైకి అడ్డం రాదు. కానీ అమెరికా నుంచి తెచ్చిన డెక్ట్ 6.0 ఫోన్ ఉంటే దయచేసి ఇక్కడ వాడకండి. అది వాడే 1,920 నుంచి 1,930 మెగాహెర్ట్జ్ మన దేశంలో 3జీ మొబైల్స్ టవర్‌తో మాట్లాడటానికి ఇచ్చిన జాగా. ఇలాంటి ఫోన్లు వాడవద్దని టెలికాం శాఖే చెప్పింది. మీ ఇంటి నెట్‌కి ఏమీ కాకపోయినా ఊళ్లో టవర్‌కి ఇబ్బంది అవుతుంది.

ఇన్ని వస్తువులు ఒకే పట్టీలో ఎందుకు చేరాయంటే, దానికి లైసెన్స్ అక్కర్లేదు. మన దేశంలో 2005 జనవరిలో వచ్చిన నిబంధనలతో తక్కువ పవర్ పరికరాలకు ఈ పట్టీలో లైసెన్స్ మినహాయింపు వచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, అందరూ పంచుకోవాలి. అందుకే ఎవరి వల్ల ఇబ్బంది వచ్చినా రక్షణ కోరే హక్కు ఎవరికీ లేదు. విశాఖ అపార్ట్‌మెంట్లలో ఒక్కో గదిలో పది పదిహేను వైఫై పేర్లు కనిపిస్తాయి, అక్కడ పొరుగువాళ్ల మీద అనుమానం న్యాయమే. భావనపాడులో ఆ ఇంట్లో మాకు కనిపించినవి రెండే పేర్లు, ఒకటి వాళ్లదే. మన ఊళ్లలో దొంగ చాలాసార్లు మన బల్ల మీదే ఉంటాడు.

అన్నిటికీ ఇదే కారణమనుకోకండి. పింగ్‌లో రౌటర్ చక్కగా జవాబిస్తూ బయటి వెబ్‌సైట్లు మాత్రం రాకపోతే తప్పు లైన్‌ది, అప్పుడు నెట్ కంపెనీకే ఫోన్ చేయాలి. `Signal` అంకె 30% కంటే తక్కువుంటే అది గోల కాదు, దూరం లేదా గోడలు. మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు కూడా ఉండి, మీ అడాప్టర్ దాన్ని పట్టుకోగలిగితే ఈ 2.4 రద్దీ నుంచి బయటపడవచ్చు. కాకపోతే అది గోడలు దాటడంలో బలహీనం. ఆ ఇంట్లో రెండు గోడల అవతల ఎంతవరకు నిలిచేదో చెప్పలేను, వాళ్ల రౌటర్‌కి అది లేదు కూడా.

తర్వాతి ఆదివారం ఆ అబ్బాయి ఇరవై అయిదు ప్రశ్నలూ పూర్తి చేశాడు. సోమవారం డైరీ తీసుకుని నేను రాసిన వాక్యాన్ని కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. మూడు పరీక్షలూ మళ్లీ రాయించాను. మౌస్ ఇంకా కొంచెం గెంతుతోందట, దాని రిసీవర్ ఇప్పటికీ హబ్‌లోనే ఉంది. దాన్ని వెనక మిగిలిన నలుపు పోర్టులోకి మార్చమని చెప్పాను.